గోల్డ్ రికార్డు వచ్చినా బాకీ తీరని బ్యాండ్: రికార్డు ఒప్పందాల లెక్క

అందరికీ నమస్కారం.

2008 ఆగస్టులో థర్టీ సెకండ్స్ టు మార్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ మీద వాళ్ల రికార్డు కంపెనీయే కోర్టుకెక్కింది. కంపెనీ పేరు వర్జిన్, అప్పట్లో దాని యజమాని ఈఎంఐ అనే సంగీత సంస్థ. ఒప్పుకున్న ఆల్బమ్‌లు ఇవ్వలేదని 3 కోట్ల డాలర్లకు దావా వేశారు. దానికి జవాబుగా బ్యాండ్ గాయకుడు జారెడ్ లెటో అభిమానులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. మేము 20 లక్షలకు పైగా రికార్డులు అమ్మాం, మాకు ఒక్క పైసా రాయల్టీ రాలేదు, పైగా మేమే ఇంకా 14 లక్షల డాలర్లు బాకీ ఉన్నామని కంపెనీ చెబుతోంది అని అందులో చెప్పాడు.

ఈ మాట వినగానే ఎవరికైనా రెండే అనుమానాలు వస్తాయి. కంపెనీ దొంగ లెక్కలు రాసి ఉండాలి, లేదంటే ఈ కుర్రాళ్లు వచ్చిన డబ్బంతా తగలేసి ఉండాలి. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, ఆ రెండూ జరగకపోయినా సరిగ్గా ఇదే ఫలితం రావచ్చు. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, ఎవరూ దుబారా చేయనక్కర్లేదు. సంతకం పెట్టిన కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తే చాలు.

అది ఎలాగో చూపించడానికి ఒక బ్యాండ్‌ను ఊహిద్దాం. థర్టీ సెకండ్స్ టు మార్స్ ఒప్పందం నా చేతిలో లేదు, కాబట్టి వాళ్ల లెక్క జోలికి నేను పోను. మన బ్యాండ్ కల్పితం, కానీ అందులోని షరతులు మాత్రం 1990ల మధ్యలో అమెరికాలో పెద్ద లేబుళ్లు, అంటే రికార్డు కంపెనీలు, కొత్త రాక్ బ్యాండ్లకు మామూలుగా ఇచ్చినవే. సీడీలు జోరుగా అమ్ముడవుతున్న రోజులు అవి. అంకెలు నోటితో చెప్పుకోవడానికి వీలుగా కాస్త గుండ్రంగా తీసుకున్నాను.

నలుగురు సభ్యుల బ్యాండ్. లేబుల్ వాళ్లకు మొదటి ఆల్బమ్ కోసం 2,50,000 డాలర్లు ఇస్తుంది. దీన్ని అడ్వాన్స్ అంటారు గానీ, నిజానికి ఇది రికార్డింగ్ ఫండ్. ఆల్బమ్ తీయడానికి అయ్యే ఖర్చంతా ఇందులోంచే పోవాలి, మిగిలింది బ్యాండ్‌ది. స్టూడియో అద్దె, ఇంజనీర్, రికార్డింగ్‌ను దగ్గరుండి నడిపించే ప్రొడ్యూసర్ ఫీజు, మిక్సింగ్, మాస్టరింగ్, కొత్త ఆంప్లిఫైయర్లు, రికార్డింగ్ సాగినన్నాళ్లూ బస, తిండి. వీటన్నిటికీ కలిపి 1,50,000 అయిందనుకోండి. పెద్ద లేబుల్ స్థాయి రాక్ ఆల్బమ్‌కు అప్పట్లో ఇది ఆడంబరమైన ఖర్చేమీ కాదు. మిగిలిన లక్షలో మేనేజర్ కమిషన్ 15 శాతం పోతుంది. ఒప్పందం కుదిర్చిన లాయర్ 10,000 తీసుకుంటాడు. చివరికి 75,000 మిగులుతుంది. నలుగురికి పంచితే మనిషికి 18,750 డాలర్లు, అదీ పన్నుకు ముందు. రికార్డింగ్, విడుదల, టూర్ కలిపి ఏడాదిన్నర పాటు ఆ డబ్బుతోనే నెట్టుకురావాలి. పత్రికలో మాత్రం 'రెండున్నర లక్షల డాలర్ల డీల్' అని పడుతుంది.

ఇప్పుడు రాయల్టీ సంగతికి వద్దాం. ఒప్పందంలో బ్యాండ్‌కు 13 శాతం అని ఉంటుంది. సీడీ ధర 16 డాలర్లు అనుకుంటే, 13 శాతం అంటే రెండు డాలర్ల పైనే కదా అని మొదటిసారి చదివినవాళ్లు సంతోషపడతారు. కానీ ఆ 13 శాతం దేని మీద అన్నది ఒప్పందంలో చాలా వెనక పేజీల్లో, నిర్వచనాల దగ్గర ఉంటుంది.

ముందు ప్యాకేజింగ్ కింద 25 శాతం తీసేస్తారు. ప్లాస్టిక్ డబ్బా, లోపలి కాగితం బ్యాండ్ సృష్టి కావు కాబట్టి వాటి విలువ మీద రాయల్టీ ఇవ్వం అనేది అక్కడి వాదన. 16 డాలర్లలో 25 శాతం అంటే 4 డాలర్లు. ఆ డబ్బా, కాగితాల అసలు ఖర్చు అందులో ఏ కొంచెమో. అయినా తీసేసేది మాత్రం పూర్తి నాలుగు డాలర్లు. ఇక రాయల్టీ లెక్కకు మిగిలింది 12 డాలర్లు.

తర్వాత ఫ్రీ గూడ్స్. దుకాణాలు 85 కాపీలకు డబ్బు కడితే లేబుల్ 15 కాపీలు ఉచితంగా ఇస్తుంది. ఇది దుకాణానికి ఇచ్చే తగ్గింపు ధరకే మరో రూపం. కానీ తగ్గింపు అని రాస్తే దాని లెక్క వేరు. ఉచితం అని రాస్తే ఆ 15 కాపీలకు రాయల్టీయే ఉండదు. దుకాణం మాత్రం నూరు కాపీలనూ మామూలు ధరకే అమ్ముకుంటుంది. అంటే బ్యాండ్‌కు నూటికి 85 కాపీల మీదే రాయల్టీ.

మూడోది ప్రొడ్యూసర్ వాటా. ఆ 13 శాతం అందరికీ కలిపి. అందులో 3 శాతం ప్రొడ్యూసర్‌ది, బ్యాండ్‌కు మిగిలేది 10. ఇప్పుడు లెక్క చూడండి. 12 డాలర్ల మీద 10 శాతం, అంటే 1 డాలర్ 20 సెంట్లు. అందులో 85 శాతం, అంటే 1 డాలర్ 2 సెంట్లు. 16 డాలర్ల సీడీ ఒకటి అమ్ముడైతే బ్యాండ్ ఖాతాలో జమయ్యేది 1 డాలర్ 2 సెంట్లు. ఈ ఒక్క అంకెను గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

జమ అన్నాను గానీ చెల్లింపు అనలేదు. ఎందుకంటే ఆ డాలర్ బ్యాండ్ చేతికి రాదు, బ్యాండ్ పేరు మీద ఉన్న బాకీలోకి పోతుంది. దీన్నే రికూప్‌మెంట్ అంటారు. లేబుల్ ముందు పెట్టిన డబ్బును బ్యాండ్ రాయల్టీలోంచి రాబట్టుకోవడం. బాకీ పూర్తిగా తీరాకే రాయల్టీ చెక్కు వస్తుంది.

ఆ బాకీలో ఏమేం ఉంటాయి? రికార్డింగ్ ఫండ్ 2,50,000 మొత్తం ఉంటుంది, అందులో బ్యాండ్ చేతికి దక్కింది 75 వేలే అయినా సరే. రెండు మ్యూజిక్ వీడియోలు తీశారు, ఒక్కొక్కటి 75,000. మామూలుగా వీడియో ఖర్చులో సగం బ్యాండ్ ఖాతాలో రాస్తారు, అంటే మరో 75,000. ఊరూరా తిరిగి వాయించడానికి లేబుల్ ఇచ్చిన టూర్ సపోర్ట్ లక్ష, అది పూర్తిగా బ్యాండ్ ఖాతాలోకే. ఇంకా రేడియో ప్రమోషన్. రేడియో స్టేషన్లలో పాట వేయించడానికి బయటి ప్రమోటర్లను పెట్టుకుంటారు. లక్ష ఖర్చయింది, సగం బ్యాండ్ మీద రాశారు, 50,000. మొత్తం కలిపితే 4,75,000 డాలర్లు.

ఆల్బమ్ 3 లక్షల కాపీలు అమ్ముడైంది. కొత్త బ్యాండ్‌కు ఇది చాలా మంచి ఫలితం. ఒక పాట రేడియోలో బాగా ఆడింది, వీడియో టీవీలో తిరిగింది. 3 లక్షలను 1 డాలర్ 2 సెంట్లతో గుణిస్తే 3,06,000 జమ. బాకీ 4,75,000లోంచి తీసేస్తే ఇంకా 1,69,000 డాలర్లు బాకీ.

ఇదే ఆల్బమ్ మీద లేబుల్ పరిస్థితి ఏమిటో చూద్దాం, ఎందుకంటే అసలు విషయం ఇక్కడుంది. దుకాణాల నుంచి లేబుల్‌కు ఒక్కో సీడీకి 10 డాలర్లు వస్తాయనుకుందాం. డబ్బు వచ్చేది 2,55,000 కాపీలకే, మిగతావి ఉచితం. అంటే రాబడి 25,50,000 డాలర్లు. ఖర్చులు చూస్తే, సీడీల తయారీ కాపీకి ఒక డాలర్ చొప్పున 3 లక్షలు. పంపిణీకి రాబడిలో 20 శాతం, 5,10,000. పాటల రచయితలకు కట్టే మెకానికల్ రాయల్టీ సుమారు 1,27,000. ప్రొడ్యూసర్ వాటా సుమారు 92,000. బ్యాండ్‌కు ఇచ్చిన ఫండ్, వీడియోలు, టూర్, రేడియో అన్నీ పూర్తిగా లెక్కేస్తే 6 లక్షలు. ఇవి కాక లేబుల్ తన సొంతంగా ప్రకటనలకు పెట్టింది 3 లక్షలు. ఇవన్నీ పోగా సుమారు 6,20,000 డాలర్లు మిగులుతుంది. ఆఫీసు జీతాలు, అద్దెలు ఇందులో లేవు, వాటిని తీసేసినా ఇది లాభంలో ఉన్న ఆల్బమే.

ఒకే ఆల్బమ్. ఒక ఖాతాలో 6,20,000 లాభం, మరో ఖాతాలో 1,69,000 బాకీ. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

లేబుల్ తన పెట్టుబడిని ప్రతి సీడీ మీద వచ్చే మొత్తం మార్జిన్‌తో రాబట్టుకుంటుంది. తయారీ, పంపిణీ లాంటివి పోగా ఈ లెక్కలో అది కాపీకి సుమారు 5 డాలర్లు. అందుకే లక్షా 77 వేల కాపీలు దాటగానే లేబుల్ పెట్టిన 9 లక్షలూ వెనక్కి వచ్చేశాయి. బ్యాండ్ బాకీ మాత్రం ఆ ఐదు డాలర్లతో తీరదు. కేవలం బ్యాండ్ వాటా అయిన 1 డాలర్ 2 సెంట్లతోనే తీరాలి. 4,75,000 తీరాలంటే 4 లక్షల 65 వేల కాపీలకు పైగా అమ్ముడవ్వాలి. లక్షా 77 వేల నుంచి 4 లక్షల 65 వేల వరకు అమ్ముడైన ప్రతి కాపీ మీదా లేబుల్‌కు లాభం ఉంది, బ్యాండ్‌కు చెక్కు లేదు. ఈ మధ్యలో ఉన్న దూరంలోనే ఎన్నో మంచి బ్యాండ్ల జీవితమంతా గడిచిపోయింది. నాకు ఈ వ్యవహారంలో బాధ కలిగించేది కూడా ఇదే. లేబుల్ పంపే రాయల్టీ స్టేట్‌మెంట్‌లో 'అన్‌రికూప్డ్', అంటే బాకీ ఇంకా తీరలేదు అని చూసిన సంగీతకారులు తమ వల్ల కంపెనీ నష్టపోయిందని నమ్ముతారు. ఆ సిగ్గుతో తర్వాతి ఒప్పందంలో గట్టిగా బేరమాడరు. ఆ మాట లేబుల్ లాభనష్టాల గురించి ఏమీ చెప్పదు. బ్యాండ్ వాటాతో బ్యాండ్ ఖాతా తీరిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది.

(సభలోంచి ఒకరు: మరి ఆ 1,69,000 బ్యాండ్ తన జేబులోంచి కట్టాలాండీ?)

అక్కర్లేదండీ. మంచి ప్రశ్న, దీన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. అడ్వాన్స్ బ్యాంకు అప్పు లాంటిది కాదు. ఆల్బమ్ ఆడకపోతే ఇల్లు జప్తు చేయరు, వాయిదాలు కట్టమని నోటీసు రాదు. ఆ బాకీ తీర్చగలిగేది రాయల్టీ ఒక్కటే. అది రాకపోతే లేబుల్ నష్టాన్ని తానే భరిస్తుంది. నిజానికి చాలా ఆల్బమ్‌ల మీద లేబుళ్లకు నష్టమే వస్తుంది. పదిమంది మీద పోగొట్టుకున్నది ఒకరి మీద సంపాదించుకోవాలి అనేది వాళ్ల వాదన, అందులో నిజం ఉంది. మన ఊహా బ్యాండ్ 20 వేల కాపీలే అమ్మి ఉంటే 75 వేలు చేతిలో ఉండగానే విడిపోయి ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు, లేబుల్ లక్షల్లో మునిగేది. కాబట్టి అడ్వాన్స్ ఎంత పెద్దదైతే అంత మోసం అనుకోకండి. ఓడిపోయే బ్యాండ్‌కు పెద్ద అడ్వాన్స్ మేలే చేస్తుంది. ఓ మోస్తరుగా గెలిచిన బ్యాండ్‌కే ఈ లెక్క అన్యాయం చేస్తుంది.

కట్టనక్కర్లేని బాకీ అయితే దాని గురించి టెన్షన్ ఎందుకు? ఎందుకంటే ఆ బాకీ తర్వాతి ఆల్బమ్‌కు కూడా అంటుకుంటుంది. దీన్ని క్రాస్ కొలాటరలైజేషన్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ విషయం సులువే. ఒకే ఒప్పందం కింద వచ్చే ఆల్బమ్‌లన్నిటికీ ఒకే ఖాతా. మొదటి ఆల్బమ్ బాకీని రెండో ఆల్బమ్ రాయల్టీ తీర్చాలి.

మన బ్యాండ్ రెండో ఆల్బమ్ తీసింది. ఈసారి ఫండ్, వీడియోలు, టూర్ అన్నీ కలిపి బ్యాండ్ ఖాతాలో రాసింది 5,50,000. పాత 1,69,000తో కలిపితే బాకీ 7,19,000. లేబుల్ సంతోషించి రాయల్టీ ఒక శాతం పెంచింది, కాబట్టి ఇప్పుడు కాపీకి 1 డాలర్ 12 సెంట్ల పైచిలుకు. ఈ ఆల్బమ్ 6 లక్షల కాపీలు అమ్ముడైంది. అమెరికాలో 5 లక్షలు దాటితే గోల్డ్ రికార్డు. ఫలకం ఇచ్చారు, ఫోటోలు తీశారు. జమ అయింది 6,73,200. బాకీలోంచి తీసేస్తే ఇంకా 45,800 బాకీ.

రెండో ఆల్బమ్‌కు విడిగా ఖాతా ఉండి ఉంటే ఏమయ్యేది? 5,50,000 తీరిపోయి, 1,23,200 డాలర్ల చెక్కు బ్యాండ్‌కు వచ్చేది. ఆ చెక్కును మొదటి ఆల్బమ్ మింగేసింది. రెండు ఆల్బమ్‌లు కలిపి 9 లక్షల కాపీలు, ఒక గోల్డ్ రికార్డు, రాయల్టీ కింద చేతికి వచ్చింది సున్నా. ఇందులో దొంగ లెక్క ఒక్కటి కూడా లేదు.

మరి వీళ్లు ఇన్నేళ్లు ఎలా బతికారు? టూర్లు, టీషర్టులు కొంత. అవి కాక ఒక ముఖ్యమైన దారి ఉంది, అదే బ్యాండ్లను లోపలి నుంచి చీల్చింది కూడా. ఇందాక మెకానికల్ రాయల్టీ అన్నాను చూశారా, అది పాట రాసినవాళ్లకు, స్వరపరిచినవాళ్లకు కాపీకి ఇంత అని వచ్చే డబ్బు. 1994లో అమెరికా చట్టం ప్రకారం పాటకు 6.6 సెంట్లు. లేబుళ్లు ఒప్పందంలో ఒక షరతు పెట్టి అందులో మూడొంతులే, అంటే 75 శాతమే ఇచ్చేవి, అదీ పది పాటల వరకే. అంటే కాపీకి 50 సెంట్ల దగ్గర. అయితే ఈ డబ్బు మామూలుగా రికూప్‌మెంట్ ఖాతాలోకి పోదు. బాకీ ఉన్నా, లేకున్నా మొదటి కాపీ నుంచే చెల్లించాలి. మన రెండు ఆల్బమ్‌ల మీద ఇది దాదాపు 3,80,000 డాలర్లు. పాటల రచన హక్కులు చూసుకునే పబ్లిషర్ వాటా పోయినా మంచి మొత్తమే. పాటలన్నీ గిటారిస్టు పేరు మీద ఉంటే ఆ డబ్బు గిటారిస్టుదే. అదే బస్సులో తిరిగి, అదే పాటలకు డ్రమ్స్ వాయించినవాడికి ఏమీ రాదు. మంచి ఆల్బమ్ తర్వాత 'సంగీత విభేదాల వల్ల' విడిపోయారని వార్త చూసినప్పుడు, పాటల కింద ఎవరి పేర్లున్నాయో ఒకసారి చూడండి. అందుకే కొన్ని బ్యాండ్లు ఎవరు రాసినా నలుగురి పేర్లూ వేసుకుంటాయి. ఒకే ఒప్పందంలో పబ్లిషింగ్ హక్కులు కూడా అదే లేబుల్‌కు ఇచ్చి, రెంటినీ ఒకే ఖాతాలో కలపడానికి ఒప్పుకుంటే మాత్రం ఈ దారీ మూసుకుపోతుంది. ఒప్పందం చదివేటప్పుడు నేను మొట్టమొదట వెతికేది ఆ వాక్యాన్నే.

ఇక స్టేట్‌మెంట్ దగ్గరికి వద్దాం. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఇంతసేపూ అందరూ నిజాయితీగా ఉన్నారని అనుకున్నాం కదా, అన్నిసార్లూ అలా ఉండదు. అలా లేదని ఎక్కడ తెలుస్తుంది? మొదట రిజర్వ్ అనే గడి చూడాలి. అమ్ముడుపోని సీడీలను దుకాణాలు వెనక్కి పంపవచ్చు కాబట్టి లేబుల్ కొంత రాయల్టీని ఆపి ఉంచుతుంది. ఆపడం సరైనదే. అయితే రెండేళ్లలోపు విడతలుగా దాన్ని వదిలేయాలని మంచి ఒప్పందంలో ఉంటుంది. నాలుగు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆపిన మొత్తం తగ్గుతూ రావాలి. అది కదలకుండా కూర్చుంటే ఎవరో మరిచిపోయారన్నమాట. రెండోది ఖర్చుల పట్టిక. ఒకే వీడియో బిల్లు రెండు పేర్లతో రెండుసార్లు పడటం, సగమే రాయాల్సిన ఖర్చు మొత్తంగా పడటం ఎక్కువగా కనిపించే తప్పులు.

ఇక్కడ ఒక చిక్కుంది. లేబుల్ పుస్తకాలు తనిఖీ చేయించే హక్కు బ్యాండ్‌కు ఉంటుంది గానీ ఆడిటర్ ఖర్చు బ్యాండే పెట్టుకోవాలి, అదీ ఒప్పందంలో రాసిన రెండు మూడేళ్ల గడువులోపు. 45 వేల బాకీ ఉన్న బ్యాండ్‌కు ఆడిట్ లాభమే, ఎందుకంటే లక్ష డాలర్ల తప్పు దొరికితే చెక్కు వస్తుంది. నాలుగు లక్షల బాకీ ఉన్న బ్యాండ్ అదే లక్ష తప్పు పట్టుకున్నా బాకీ మూడు లక్షలకు దిగుతుందంతే, చేతికి ఏమీ రాదు, ఆడిటర్ ఫీజు మాత్రం పోతుంది. కాబట్టి ఎవరూ అడగరు. ఎవరూ అడగరని తెలిసిన ఖాతాను జాగ్రత్తగా రాయాల్సిన అవసరం లేబుల్‌కు కూడా కనిపించదు.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ టూ మచ్ జాయ్ అనే రాక్ బ్యాండ్. 1990ల మొదట్లో వార్నర్ లేబుల్ ద్వారా ఆల్బమ్‌లు విడుదల చేసింది. ఆ బ్యాండ్ గాయకుడు టిమ్ క్విర్క్ తర్వాతి కాలంలో ఒక డిజిటల్ మ్యూజిక్ సర్వీసులో పనిచేశాడు. అంటే తన పాటలు ఆన్‌లైన్‌లో ఎంత వినబడుతున్నాయో, వాటికి లేబుల్‌కు ఎంత వెళుతోందో తెలిసే చోట కూర్చున్నాడు. పట్టుబట్టి అడిగితే 2009లో డిజిటల్ స్టేట్‌మెంట్ వచ్చింది. ఐదేళ్ల డిజిటల్ రాబడి కింద చూపింది 62 డాలర్ల 47 సెంట్లు. బాకీ 3,95,277 డాలర్లు. ఆ 62 డాలర్లు నిజం కావని అతనికి తెలుసు, ఆ సంగతే బహిరంగంగా రాశాడు. ఇంత తక్కువ డబ్బు గురించి ఎందుకింత గొడవ అన్నట్టు లేబుల్ వైపు నుంచి స్పందన వచ్చిందని కూడా చెప్పాడు. ఎలాగూ చెక్కు వెళ్లని ఖాతాలో అంకె సరిగ్గా ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్న ధోరణి అది. నాకు ఆ ధోరణే ఆ 62 డాలర్ల కన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

మొదట్లో చెప్పిన కోర్టు కేసుకు ఈ బాకీతో ఉన్న సంబంధం కూడా చెప్పాలి. ఈ ఒప్పందాల్లో ఒక ఆల్బమ్ ఖాయం, ఆపై నాలుగో ఐదో ఆల్బమ్‌లకు ఆప్షన్ ఉంటుంది. ఆ ఆప్షన్ లేబుల్‌ది, బ్యాండ్‌ది కాదు. నచ్చితే అడుగుతుంది, నచ్చకపోతే వదిలేస్తుంది. ఒక్కో ఆల్బమ్‌కూ టూర్‌తో కలిపి రెండు మూడేళ్లు పడితే, ఐదారు ఆల్బమ్‌లంటే సంగీతకారుల యవ్వనమంతా అందులోనే పోతుంది. కాలిఫోర్నియా చట్టం ఒక మనిషిని వ్యక్తిగత సేవల ఒప్పందంతో ఏడేళ్లకు మించి కట్టిపడేయడానికి ఒప్పుకోదు. ఏడేళ్లు దాటాయి, మేము స్వేచ్ఛగా ఉన్నాం అని థర్టీ సెకండ్స్ టు మార్స్ వాదించింది. కానీ 1987లో ఆ చట్టానికి ఒక సవరణ వచ్చింది. దాని ప్రకారం ఏడేళ్ల తర్వాత వెళ్లిపోయినా, ఇవ్వని ఆల్బమ్‌లకు నష్టపరిహారం కోరుతూ రికార్డు కంపెనీ దావా వేయవచ్చు. 3 కోట్ల డాలర్ల అంకె అక్కడి నుంచే వచ్చింది. బాకీ ఉన్న బ్యాండ్‌కు ఇలాంటి కేసులో బలం తక్కువ. రాయల్టీ రావడం లేదు కాబట్టి లాయర్లకు కట్టడానికి డబ్బుండదు. కొత్త అడ్వాన్స్ కావాలంటే మళ్లీ ఆ లేబుల్ దగ్గరికే వెళ్లాలి. చివరికి 2009లో రాజీ కుదిరి, బ్యాండ్ అదే కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకుంది.

(సభలోంచి మరొకరు: ఇప్పుడు స్ట్రీమింగ్ వచ్చింది కదా, పాత బాకీలు అలాగే ఉన్నాయా?)

చాలావరకు అలాగే ఉండిపోయాయి. 1990ల బాకీ మీద ఇప్పటి స్ట్రీమింగ్ సెంట్లు జమవుతూ ఉంటే అది ఎన్నటికి తీరేను? అందుకే 2021లో సోనీ మ్యూజిక్ ఒక నిర్ణయం ప్రకటించింది. 2000కు ముందు ఒప్పందం చేసుకుని, ఆ తర్వాత కొత్త అడ్వాన్స్ తీసుకోని అర్హులైన కళాకారులకు, పాత బాకీని పక్కనపెట్టి ఇకపై వచ్చే రాయల్టీ నేరుగా ఇస్తామంది. 2022లో వార్నర్, యూనివర్సల్ కూడా ఇలాంటివే ప్రకటించాయి. బ్రిటన్‌కు చెందిన బెగర్స్ గ్రూప్ అంతకు ముందే, ఒప్పందం ముగిసిన 15 ఏళ్ల తర్వాత మిగిలిన బాకీ కొట్టేసే పద్ధతి పెట్టుకుంది. ఇవి మంచి పనులే. అయితే పాత రాయల్టీ శాతాలు మారలేదు, మాస్టర్ రికార్డింగ్, అంటే అసలు రికార్డింగ్ హక్కులు లేబుల్ దగ్గరే ఉన్నాయి. అమెరికాలో డిజిటల్ రేడియో డబ్బు సంగతి కొంచెం వేరు. అక్కడ సౌండ్‌ఎక్స్చేంజ్ అనే సంస్థ ప్రధాన కళాకారుల వాటా 45 శాతాన్ని నేరుగా వాళ్లకే పంపుతుంది, లేబుల్ బాకీ దాన్ని తాకలేదు. మనకు నచ్చిన పాట మనమే ఎంచుకుని వినే స్ట్రీమింగ్ మాత్రం ఈ పద్ధతిలోకి రాదు, అది లేబుల్ ద్వారానే పోతుంది.

మరో దారి చిన్న ఇండిపెండెంట్ లేబుళ్లలో చాలాకాలంగా ఉంది. అక్కడ రాయల్టీ శాతం బదులు లాభంలో చెరిసగం అంటారు. మన మొదటి ఆల్బమ్‌నే ఆ పద్ధతిలో వేసి చూద్దాం. రాబడి అంతే, ఖర్చులు అంతే. బ్యాండ్ తీసుకున్న లక్షను ఖర్చుగా కాకుండా వాళ్ల వాటా మీద అడ్వాన్స్‌గా రాస్తే లాభం 7,20,000 అవుతుంది. అందులో సగం 3,60,000. ముందు తీసుకున్న లక్ష పోతే 2,60,000 డాలర్ల చెక్కు. అవే 3 లక్షల కాపీలు, అదే రేడియో పాట. మొదటి పద్ధతిలో 1,69,000 బాకీ. తేడా అంతా బాకీ తీర్చడానికి ఎవరి డబ్బును వాడుతున్నారన్న దగ్గరే ఉంది. ఇక్కడ ఖర్చులు మొత్తం రాబడిలోంచి ముందే పోతాయి, అక్కడ బ్యాండ్ వాటాలోంచి పోవాలి.

కానీ చిన్న లేబుల్ రెండున్నర లక్షల ఫండ్ ఇవ్వలేదు, రెండు వీడియోలు తీయలేదు, రేడియో ప్రమోటర్లకు లక్ష పెట్టలేదు. అవేవీ లేకుండా ఆ ఆల్బమ్ 3 లక్షలు అమ్ముడయ్యేదా అన్నది న్యాయమైన ప్రశ్న. పైగా ఇలాంటి ఒప్పందాల్లో కొన్నిసార్లు మెకానికల్ రాయల్టీ విడిగా ఇవ్వరు, సగంలోనే కలిసిపోయింది అంటారు. ప్రకటనల ఖర్చు కూడా మొత్తంలోంచే పోతుంది కాబట్టి, ఎంత ఖర్చుకు బ్యాండ్ అనుమతి కావాలో రాసుకోకపోతే సగం పంచుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు. అందుకే పెద్ద లేబుల్‌తో కూర్చున్న లాయర్లు రాయల్టీ శాతం గురించి వాదించే ముందు మూడు వాక్యాల కోసం పట్టుబడతారు. ఆల్బమ్‌కు ఆల్బమ్‌కు ఖాతా వేరుగా ఉండాలి, పబ్లిషింగ్ డబ్బు ఈ ఖాతాలో కలవకూడదు, ఒప్పందం ముగిసిన ఇన్నేళ్లకు మిగిలిన బాకీ రద్దు కావాలి. మన బ్యాండ్ ఆ మొదటి వాక్యం ఒక్కటి సాధించుకుని ఉంటే, రెండో ఆల్బమ్ మీద 1,23,200 డాలర్ల చెక్కు వాళ్ల చేతికి వచ్చేది.